స్క్వేర్ వేవ్ మూలల్లో దొరికిన తప్పు

ఒక ఆడియో యాంప్లిఫయర్‌ని సీఆర్‌ఓతో పరీక్షిస్తున్నాం అనుకుందాం. లోపలికి ఇచ్చే సిగ్నల్‌ని మార్చకుండా ఫ్రీక్వెన్సీ ఒక్కటే పెంచుకుంటూ పోయాం. 100 హెర్ట్జ్ దగ్గర తెర మీద 4 వోల్టులు కనిపించింది. 20 కిలోహెర్ట్జ్‌కి వచ్చేసరికి 4.8 వోల్టులైంది. రెండు చోట్లా సైన్ వేవ్ నున్నగా, అందంగా ఉంది. ఈ యాంప్లిఫయర్ పై ఫ్రీక్వెన్సీలను ఎక్కువ పెంచుతోందని రికార్డులో రాసేస్తాం. నిజానికి తప్పు యాంప్లిఫయర్‌లో లేదు, మన చేతిలోని ప్రోబ్‌లో ఉంది.

10X ప్రోబ్ వచ్చిన వోల్టేజీలో పదో వంతునే సీఆర్‌ఓకి పంపుతుంది. ప్రోబ్‌లో 9 మెగాఓముల రెసిస్టర్, సీఆర్‌ఓ ఇన్‌పుట్‌లో 1 మెగాఓము ఉంటాయి కాబట్టి తక్కువ ఫ్రీక్వెన్సీలో ఆ పంపకం సరిగ్గా జరుగుతుంది. అయితే ఇన్‌పుట్‌కీ, ప్రోబ్ కేబుల్‌కీ కొంత కెపాసిటెన్స్ కూడా ఉంటుంది. కొన్ని కిలోహెర్ట్జ్‌లు దాటాక పంపకం రెసిస్టర్ల చేతుల్లోంచి కెపాసిటర్ల చేతుల్లోకి పోతుంది. అక్కడ కూడా పదో వంతే రావాలని ప్రోబ్‌లో ఒక చిన్న కెపాసిటర్ పెట్టి, దాన్ని సరిచూసుకోవడానికి ట్రిమ్మర్ స్క్రూ ఇస్తారు. ఈ సరిచూడటాన్నే కాంపెన్సేషన్ అంటారు.

సైన్ వేవ్‌లో ఒకే ఫ్రీక్వెన్సీ ఉంటుంది. ప్రోబ్ తప్పుగా ఉంటే దాని ఎత్తు మారుతుందే గాని రూపం మారదు. అందుకే కంటికి అనుమానం రాదు. స్క్వేర్ వేవ్ అలా కాదు. నిటారుగా లేచే అంచులో పై ఫ్రీక్వెన్సీలు, చదునైన భాగంలో కింది ఫ్రీక్వెన్సీలు ఉంటాయి. రెండింటికీ పంపకం తేడాగా జరిగితే మూల చెడుతుంది.

సీఆర్‌ఓ ముందు భాగంలో సాధారణంగా 1 కిలోహెర్ట్జ్ స్క్వేర్ వేవ్ ఇచ్చే చిన్న కొక్కెం ఉంటుంది. ప్రోబ్ స్విచ్‌ని 10X మీద పెట్టి దానికి తగిలించాలి, గ్రౌండ్ క్లిప్పుని పక్కనున్న గ్రౌండ్‌కి పెట్టాలి. మూలలు గుండ్రంగా అరిగినట్టుంటే ప్రోబ్ పై ఫ్రీక్వెన్సీలను తగ్గిస్తోంది. మూల దగ్గర ముల్లులా పైకి పొడుచుకొస్తే పెంచుతోంది. మన ప్రోబ్‌తో చూస్తే అల అడుగు నుంచి చదును వరకు 5 గడులు, ముల్లు కొస వరకు 6 గడులు వచ్చింది. అంటే 20 శాతం ఎక్కువ. 4 వోల్టులు 4.8 కావడానికి కారణం సరిగ్గా ఇదే. ప్లాస్టిక్ స్క్రూడ్రైవర్‌తో ట్రిమ్మర్‌ని మెల్లగా తిప్పి, పైభాగం బల్లపరుపుగా అయ్యాక ఆపాలి. ఇనుప స్క్రూడ్రైవరైతే దాని ఉనికే కొలతను కదుపుతుంది. ప్రోబ్‌ని వేరే సీఆర్‌ఓకి మార్చినా, అదే సీఆర్‌ఓలో రెండో ఛానల్‌కి మార్చినా మళ్లీ చూసుకోవాలి. ప్రతి ఇన్‌పుట్ కెపాసిటెన్స్ కొద్దిగా వేరు.

తర్వాత అల నిలవాలి. తెర మీద బొమ్మ ఒక్కసారి గీసింది కాదు, మళ్లీ మళ్లీ ఎడమ నుంచి గీస్తూ ఉంటుంది. ప్రతిసారీ అల ఒకే చోటు నుంచి మొదలైతేనే గీతలు ఒకదాని మీద ఒకటి పడతాయి. ఆ మొదలుపెట్టే చోటు చెప్పేదే ట్రిగ్గర్. సిగ్నల్ ఈ ఎత్తుని, పైకి లేస్తూ దాటినప్పుడు గీయమని దానికి చెబుతాం. ఆ ఎత్తుని అల శిఖరం కంటే పైన పెడితే అల దాన్ని ఎప్పటికీ దాటదు. ఆటో మోడ్‌లో సీఆర్‌ఓ కాసేపు చూసి ఎలాగోలా గీసేస్తుంది, అందుకే అల పక్కకి జారిపోతుంది. నార్మల్ మోడ్‌లో కొత్త గీత రాదు. జారుతుంటే టైమ్ నాబ్ తిప్పి లాభం లేదు. ట్రిగ్గర్ సోర్స్ మన ఛానలేనా అని చూసి, లెవల్‌ని అల మధ్యకి తేవాలి.

ఇప్పుడు చదవవచ్చు. కింది కొస నుంచి పై కొస వరకు 4 గడులు, గడికి 1 వోల్టు. పీక్ టు పీక్ 4 వోల్టులు. ఛానల్ మెనూలో కూడా 10X ఉందో లేదో చూడాలి, అక్కడ 1X ఉంటే 0.4 అని చూపిస్తుంది. పాత సీఆర్‌ఓలో పదితో మనమే గుణించాలి, వేరియబుల్ నాబ్ కాల్ స్థానంలో ఉండాలి. మల్టీమీటర్ చూపేది ఆర్‌ఎమ్‌ఎస్ విలువ కాబట్టి ఈ అలకి దాని లెక్క 1.41 వోల్టులే. అది తగాదా కాదు, కొలిచే తీరు వేరు.

కాలానికి ఒక్క అలని కొలిస్తే చూపులో చిన్న తేడా పెద్దదవుతుంది. గడికి 20 మైక్రోసెకన్లు పెట్టి, మధ్య గీతని అల పైకి దాటే చోట్ల నుంచి లెక్కిస్తే 4 అలలు 10 గడుల్లో పట్టాయి. మొత్తం 200, ఒక్కో అలకి 50 మైక్రోసెకన్లు. ఒకటిని దానితో భాగిస్తే 20 కిలోహెర్ట్జ్. శిఖరం దగ్గర అల చదునుగా ఉంటుంది, దాని కొస ఎక్కడో కన్ను తేల్చలేదు. మధ్య గీత దగ్గర అల నిటారుగా దాటుతుంది కాబట్టి అక్కడే కొలవాలి.

ట్రిమ్మర్ సర్దాక ఆ యాంప్లిఫయర్ 100 హెర్ట్జ్ దగ్గరా, 20 కిలోహెర్ట్జ్ దగ్గరా 4 వోల్టులే ఇచ్చింది. రికార్డులో కొట్టేయాల్సింది ఒక్క 4.8 మాత్రమే కాదు, సరిచూడని ఆ ప్రోబ్‌తో పై ఫ్రీక్వెన్సీల్లో తీసుకున్న కొలతలన్నీ.