జనగణనకు పట్టణం, పాలనకు పంచాయతీ

జనాభా 5,000 దాటి, చదరపు కిలోమీటరుకు కనీసం 400 మంది ఉండి, పనిచేసే మగవాళ్లలో ముప్పావు వంతు మంది వ్యవసాయేతర పనుల్లో ఉంటే జనగణన శాఖ ఆ ఊరిని పట్టణంగా లెక్కిస్తుంది. దాన్నే సెన్సస్ టౌన్ అంటారు. అయితే ఆ లెక్కతో పాలన మారదు. రాష్ట్ర ప్రభుత్వం నోటిఫై చేసేదాకా అక్కడ ఉండేది గ్రామ పంచాయతీయే. దేశంలో ఇలాంటి ఊళ్లు 2001లో 1,362. 2011 నాటికి దాదాపు 3,900.

హైదరాబాద్ అంచున ఉన్న బోడుప్పల్ సంగతే చూడండి. 2011లో 48 వేల మంది ఉన్నా దాన్ని నడిపింది సర్పంచే. అది కార్పొరేషన్ అయింది 2019లో. ఈ మధ్యకాలమే ప్రమాదకరం. అపార్ట్‌మెంట్లు లేస్తాయి, భూగర్భ డ్రైనేజీ రాదు. సెప్టిక్ ట్యాంకు నిండితే ట్యాంకర్‌ను పిలుస్తారు. అది చాలాచోట్ల మురుగును చెరువులోనో వాగులోనో వదిలేస్తుంది. పంచాయతీకి ఇంజనీర్లుండరు, శుద్ధి కేంద్రం కట్టే స్తోమతా ఉండదు.

అయినా మున్సిపాలిటీ వద్దని ఊళ్లే అడ్డుపడతాయి. వాళ్లనూ తప్పుపట్టలేం: పన్ను పెరుగుతుంది, ఉపాధి హామీ పని పోతుంది, కాలువలు మాత్రం వెంటనే రావు.