కొరియన్ క్రియకు మూడు రూపాలు

కొరియన్ నేర్చుకునే పుస్తకాల్లో క్రియా పట్టిక చూడగానే కొత్తవాళ్లకు గుండె జారుతుంది. వర్తమానం, భూతం, భవిష్యత్తు, మర్యాద రూపం, మామూలు రూపం అంటూ ఒక్కో క్రియకు గడుల మీద గడులు. మధ్యలో కొన్ని గడుల్లో ధాతువు రూపమే మారిపోయి కనిపిస్తుంది. నిజానికి ఆ మార్పు ఎక్కడపడితే అక్కడ రాదు. దాన్ని పట్టుకోవడానికి ఒక్కో క్రియకు మూడు రూపాలు గుర్తుంటే చాలు, మిగతా గడులు దాదాపు అన్నీ మనమే నింపుకోవచ్చు.

వినడం అనే క్రియనే తీసుకుందాం. నిఘంటువులో అది ‘తుత్తా’. చివరి ‘తా’ తీసేస్తే మిగిలేది ధాతువు ‘తుత్’. (ఇక్కడి ‘తు’లో పెదవులు గుండ్రంగా చుట్టకూడదు. ఆ అచ్చు మనకు లేదు కాబట్టి ఉకారంతో రాస్తున్నాను.) హల్లుతో మొదలయ్యే ప్రత్యయం చేరితే ధాతువు చెక్కుచెదరదు: ‘తుత్‌కో’ అంటే విని. అచ్చుతో మొదలయ్యేది చేరితే మాత్రం చివరి తకారం రకారమవుతుంది: ‘తురుమ్యొన్’ అంటే వింటే, ‘తురొయో’ అంటే వింటాను, వింటున్నాను. మనం కూడా ‘చేయను’ అంటాం, ‘చేస్తాను’ అంటాం, ‘చేశాను’ అంటాం. వెనక వచ్చేదాన్ని బట్టి ధాతువు మారడం తెలుగువాళ్లకు కొత్తేమీ కాదు.

ఇప్పుడు కాలాలు ఈ మూడింటికీ ఎలా తగులుకుంటాయో చూడండి. భూతకాలం ఎప్పుడూ మూడో రూపం మీదే నిలబడుతుంది: ‘తురొ’కు ‘స్సొయో’ చేరి ‘తురొస్సొయో’, విన్నాను. మామూలు భవిష్యత్తు రెండో రూపం నుంచి పుడుతుంది: ‘తురుల్ కొయేయో’, వింటాను. సంకల్పం చెప్పే ‘కేస్సొయో’ హల్లుతో మొదలవుతుంది కాబట్టి మొదటి రూపానికి అతుక్కుంటుంది: ‘తుత్‌కేస్సొయో’. సభల్లో, వార్తల్లో వినిపించే ‘సుమ్నిదా’ కూడా అంతే, ‘తుత్‌సుమ్నిదా’. అంటే ఏ ప్రత్యయం ఏ రూపానికి చెందుతుందో ఒకసారి తెలిస్తే, కాలాలకు విడిగా మినహాయింపులు బట్టీ పట్టక్కర్లేదు.

చిక్కంతా ఏ ధాతువు మారుతుందో చూపుతో చెప్పలేకపోవడంలో ఉంది. మూసే క్రియ ‘తత్తా’ కూడా అదే హల్లుతో ముగుస్తుంది, కానీ అది ‘తదాయో’ అవుతుంది తప్ప రకారం రాదు. ‘ముత్తా’ అయితే ఇంకా విచిత్రం. అడగడం అనే అర్థంలో ‘మురొయో’, పాతిపెట్టడం అనే అర్థంలో ‘ముదొయో’. నిఘంటు రూపం రెండింటికీ అక్షరం తేడా లేకుండా ఒక్కటే.

రెండో రూపాన్ని ఎందుకు గుర్తుంచుకోమంటున్నానంటే, మూడోది ఒక్కోసారి మోసం చేస్తుంది. ఎత్తడం అనే క్రియ ‘తుల్దా’కూ మూడో రూపం ‘తురొయో’యే. వింటున్నాడా, ఎత్తుతున్నాడా అన్నది ఆ మాటలో తెలియదు. ‘అయితే’ అనే రూపం అడిగితే తేలిపోతుంది: వినడానికి ‘తురుమ్యొన్’, ఎత్తడానికి ‘తుల్‌మ్యొన్’.

పకారంతో ముగిసే ధాతువులదీ ఇదే దారి. చలిగా ఉండడం ‘చుప్‌కో’, ‘చుఉమ్యొన్’, ‘చువొయో’. అచ్చు తగలగానే పకారం కరిగిపోతుంది. తొడుక్కోవడం అనే ‘ఇప్తా’ మాత్రం కరగదు: ‘ఇబొయో’. సహాయం చేయడం ‘తోప్తా’ మూడో రూపంలో ‘తోవాయో’ అవుతుంది, ‘తోవొయో’ కాదు. ఈ ‘వా’ తీసుకునే క్రియలు చాలా కొద్ది కాబట్టి దీన్ని విడిగా గుర్తుపెట్టుకోవడమే సులువు. తెలియకపోవడం అనే ‘మోరుదా’ మొదటి రెండు రూపాల్లో మామూలుగానే ఉండి, మూడోదాంట్లో ‘మోల్లాయో’గా మారుతుంది. దాంతో భూతకాలం ‘మోల్లాస్సొయో’.

అనుమానం వచ్చినప్పుడు కొరియా జాతీయ భాషా సంస్థ వారి ప్రామాణిక నిఘంటువు తెరవండి, ఆన్‌లైన్‌లో ఉచితం. ప్రతి క్రియ పక్కనా రూపాలు ఇస్తారు. వినడానికి ‘తురొ, తురుని, తున్నున్’ అని ఉంటుంది. మొదటిది మన మూడో రూపం, రెండోది మన రెండో రూపం. చివరిది ‘వినే’. రాతలో అది తకారమే, పక్కన నకారం ఉండడంతో పలకడంలో ‘తున్’ అవుతుంది.

ఆ చివరి రూపం ఎందుకిస్తారో లకారాంత ధాతువులు చూస్తే అర్థమవుతుంది. నివసించడం ‘సల్దా’. ‘సల్‌గో’, ‘సల్‌మ్యొన్’, ‘సరాయో’ అని మూడు రూపాలూ చక్కగానే కుదురుతాయి. కానీ ‘నివసించే’ అనాలంటే ‘సనున్’, గౌరవంగా ‘నివసిస్తాను’ అనాలంటే ‘సమ్నిదా’. హల్లు ముందే అయినా లకారం ఎగిరిపోయింది. కాబట్టి లకారంతో ముగిసే ధాతువు కనిపిస్తే మూడు రూపాల పక్కన ‘సనున్’ లాంటి నాలుగోదాన్ని కూడా రాసుకోవాలి.