పొదిగే పెట్టెలో మూడు వోల్టుల లెక్క

మా బాబాయి నాటుకోడి గుడ్లు పొదిగించడానికి థర్మకోల్ పెట్టెలో ఓ బల్బు, చిన్న ఫ్యాను, ఓ కంట్రోల్ బోర్డు అమర్చుకున్నాడు. గుడ్లకు 21 రోజుల పాటు 37.5 డిగ్రీల వేడి కావాలి. బోర్డు మీద అన్నాళ్లూ 37.5 అనే కనిపించింది. ఇరవై మూడో రోజుకి కూడా ఒక్క పిల్ల బయటికి రాలేదు.

"గుడ్లే మంచివి కావేమోరా" అన్నాడు బాబాయి. నాకు అనుమానం తీరక, మూత బిగించిన నీళ్ల సీసాని రాత్రంతా పెట్టెలో ఉంచి, పొద్దున్నే జ్వరం థర్మామీటర్ ముంచి చూశాను. 99.5 ఫారెన్‌హీట్ ఉండాల్సిన చోట 103 దాటింది.

పెట్టె లోపల వేడిని కనిపెట్టేది మినపగింజంత నల్లపూస, దాని పేరు థర్మిస్టర్. వేడెక్కేకొద్దీ దాని నిరోధం తగ్గుతుంది. ఇలా తగ్గే గుణాన్ని మైకేల్ ఫారడే 1833లోనే సిల్వర్ సల్ఫైడ్‌లో గమనించాడు. బజారులో ఎక్కువగా దొరికే రకానికి 25 డిగ్రీల దగ్గర 10 కిలో ఓమ్‌ల నిరోధం ఉంటుంది. మిగతా వేడిమిల దగ్గర ఎంతుంటుందో దానితో వచ్చే పట్టికలో చూసుకోవాలి. బాబాయి వాడిన రకానికి 37.5 డిగ్రీల దగ్గర సుమారు 5.87 కిలో ఓమ్‌లు.

అయితే బోర్డుకి నిరోధం చదవడం రాదు, వోల్టేజి మాత్రమే చదువుతుంది. అందుకని థర్మిస్టర్‌కి వరుసగా మామూలు 10 కిలో ఓమ్‌ల రెసిస్టర్ ఒకటి కలిపి, రెండింటికీ చివర్ల మధ్య 5 వోల్టులు ఇస్తారు. ఇద్దరిలోంచీ పారే కరెంటు ఒకటే కాబట్టి ఆ 5 వోల్టులూ నిరోధాల నిష్పత్తిలో పంచుకుంటారు. అన్నదమ్ముల పంపకంలా సగం సగం కాదు, ఎవరి నిరోధం ఎక్కువైతే వాళ్ల వాటా ఎక్కువ. పైన థర్మిస్టర్, కింద రెసిస్టర్ ఉంటే, కింది దాని వాటానే బోర్డు చదువుతుంది:

V = 5 × 10 / (10 + R)

ఇక్కడ R అంటే థర్మిస్టర్ నిరోధం, కిలో ఓమ్‌లలో. 25 డిగ్రీల దగ్గర రెండూ పదే కాబట్టి సరిగ్గా 2.5 వోల్టులు. 37.5 దగ్గర మొత్తం నిరోధం 15.87, కింది వాటా 50ని 15.87తో భాగిస్తే వచ్చేది, అంటే 3.15 వోల్టులు. అక్కడి నుంచి ఒక డిగ్రీ పెరిగితే సుమారు 0.05 వోల్టు పెరుగుతుంది. థర్మిస్టర్‌ని కిందికి, రెసిస్టర్‌ని పైకి మారిస్తే లెక్క తిరగబడి, వేడెక్కేకొద్దీ వోల్టేజి తగ్గుతుంది. పటం చూడకుండా సూత్రం వేసేవాళ్లు ఎక్కువగా తప్పేది ఇక్కడే.

ఇక బాబాయి పెట్టె సంగతి. థర్మిస్టర్ తీగ పొట్టిదని, టంకం వేయకుండా ఇంకో తీగ మెలిపెట్టి టేపు చుట్టాడు. పొదిగే పెట్టెలో ఎప్పుడూ చెమ్మ ఉంటుంది, ఆ అతుకుకి పచ్చగా చిలుము పట్టింది. మల్టీమీటరు పెడితే అతుకు ఒక్కదానికే సుమారు 500 ఓమ్‌లు. ఇప్పుడు లెక్క చూడండి. బోర్డుకి 3.15 వోల్టులు అందాలంటే పైన మొత్తం 5.87 ఉండాలి. అందులో అర కిలో ఓమ్ అతుకుదే కాబట్టి థర్మిస్టర్ 5.37కి దిగేదాకా బల్బు ఆరదు. పట్టికలో 5.37కి ఎదురుగా ఉండేది 39.7 డిగ్రీలు. అంత వేడిలో రోజుల తరబడి ఉంటే గుడ్డులో పిండం దక్కడం కష్టం. బోర్డు మాత్రం 37.5 అనే చూపిస్తుంది.

తీగ పూర్తిగా తెగితే ఇంకా ప్రమాదం. వోల్టేజి సున్నాకి పడిపోతుంది, బోర్డు దాన్ని గడ్డకట్టే చలి అనుకుని బల్బుని ఆపకుండా వెలిగిస్తుంది. 0.5 వోల్టు కన్నా తక్కువ వస్తే బల్బు ఆర్పేయమని బోర్డుకి ముందే నేర్పాలి. ఆ వోల్టేజికి అర్థం సున్నాకి కింద సుమారు 17 డిగ్రీలు, కోళ్ల పెట్టెలో అంత చలి ఉండే వీలే లేదు.

అతుకు బాగున్నా చిన్న తేడా ఒకటి మిగులుతుంది. తనలోంచి పారే కరెంటుకి పూస కొద్దిగా వేడెక్కుతుంది. మా లెక్కలో అది అర మిల్లీవాట్ చిల్లర, గాలిలో చిన్న పూసని డిగ్రీలో మూడో వంతు దాకా వేడెక్కించగలదు. గదికైతే పట్టించుకోనక్కర్లేదు గానీ గుడ్లకి పట్టించుకోవాలి. అందుకే ఎంత లెక్క వేసినా చివరికి సీసాలో థర్మామీటర్ ముంచి సరిచూసుకోవాల్సిందే.

అతుకు తీసేసి టంకం వేసి, పైన గొట్టం తొడిగాం. రెండో విడతలో పెట్టిన 24 గుడ్లలో 17 పిల్లలయ్యాయి.