అణాకి మూడే జీళ్లు

పెద్దవాళ్ల ముందు ఫోన్ కెమెరా పెట్టి, “మీ చిన్ననాటి జ్ఞాపకం ఒకటి చెప్పండి” అని అడిగితే చాలామంది ఒకే మాట అంటారు. “ఏముందమ్మా చెప్పడానికి, అందరిలాగే పెరిగాం.” దాచుకోవాలని కాదు. డెబ్భై ఏళ్ల బతుకులోంచి ఒకటి ఏరి ఇమ్మంటే ఎవరికైనా చేయి ఎటు చాపాలో తెలియదు. అదే మనిషి చేతిలో ఒక వస్తువు పెట్టి చూడండి, మాట దానంతట అదే మొదలవుతుంది.

తెనాలి దగ్గరి ఒక పల్లెలో ఉండే మామ్మగారితో ఐదు నిమిషాల చిన్న చిత్రం తీయడానికి వెళ్లినప్పుడు ఒక పాత అణా బిళ్ల తీసుకెళ్లాను. అంచంతా వంపులు తిరిగి, ఒకవైపు ఎద్దు బొమ్మ ఉన్న బిళ్ల. ప్రశ్నేమీ వేయకుండా దాన్ని ఆవిడ అరచేతిలో పెట్టాను. బొటనవేలితో అంచు తడిమి చూశారు.

“ఓయమ్మ, అణా! దీనికి నాలుగు జీళ్లు వచ్చేవి.”

“ఎవరి కొట్లో, మామ్మగారూ?”

“రావిచెట్టు కింద శెట్టిగారి కొట్లో. కాణీకి ఒక జీడి. సంత రోజున నాయన అణా ఇచ్చేవాడు. నేను తినకుండా దాచుకునేదాన్ని.”

“ఎక్కడ దాచేవారు?”

“దూలం సందులో, గుడ్డముక్కలో చుట్టి. నాలుగు అణాలు పోగయ్యాయి. అంతలోకే ఆ కొత్త పైసలొచ్చి పడ్డాయి.”

నేను అడిగినవి “ఎవరి కొట్లో”, “ఎక్కడ” అనే రెండు ప్రశ్నలే. ఏ సంవత్సరం అని అడగలేదు. ఎనిమిదేళ్ల పిల్లకి సంవత్సరంతో పని ఉండదు. చోటు గుర్తుంటుంది, చేయి చేసిన పని గుర్తుంటుంది. సంవత్సరం అడిగితే పెద్దావిడ లెక్కల్లో పడిపోతారు, చెబుతున్న కథ అక్కడే ఆగిపోతుంది. సంవత్సరం మనం తర్వాత వెతుక్కోవచ్చు.

ఇక్కడ వెతకడం కష్టం కాలేదు. మన దేశంలో రూపాయిని నూరు పైసలుగా లెక్కించడం 1957 ఏప్రిల్ 1న మొదలైంది. అంతకు ముందు రూపాయికి పదహారు అణాలు, అణాకి నాలుగు కాణీలు, అంటే రూపాయికి అరవై నాలుగు కాణీలు. రెండణాలు బేడ, నాలుగణాలు పావలా. కొత్త పైసాని పాత పైసాతో పొరబడకుండా మొదట్లో ‘నయా పైసా’ అన్నారు. 1964లో ‘నయా’ తీసేశారు.

కెమెరా ముందు ఈ చరిత్రంతా నేను చెప్పలేదు. “కొత్త పైసలొచ్చాక ఏమైంది?” అన్నాను, అంతే.

“ఒక అణా పట్టుకుని కొట్టుకి పోయాను. శెట్టిగారు మూడు జీళ్లు పెట్టాడు. నాలుగోది ఏదంటే లేదన్నాడు. నా లెక్క నాకు తెలుసు కదా! అణాకి నాలుగు.”

ఆవిడ ఆగారు. అడిగేవాళ్లకి నోరు దురద పెట్టేది ఇక్కడే. “మీకు కోపమొచ్చిందా?” అంటే “వచ్చింది” అని ఊరుకుంటారు. ఆ కోపం మనం అందించింది అవుతుంది కానీ ఆవిడది కాదు. కొంచెం ఆగి, “అప్పుడేం చేశారు?” అన్నాను.

“మూడు జీళ్లూ మళ్లీ ఆయన బల్ల మీదే పెట్టేశాను! నా అణా నాకిమ్మన్నాను. ‘నన్నేం చేయమంటావే పిల్లా, ఇది సర్కారు లెక్క’ అన్నాడు. ఏడుస్తా ఇంటికొచ్చాను. అంతేనమ్మా.”

శెట్టిగారు మోసం చేశాడా? నూరుని పదహారుతో భాగిస్తే అణాకి ఆరుంపావు కొత్త పైసలు వస్తాయి. పావు పైసా అనేది లేదు కాబట్టి మార్పిడి పట్టికలో అణాకి ఆరు అని పెట్టారు. కాణీ విలువ ఒకటిన్నర పైసాకి కాస్త ఎక్కువ. అది దగ్గరి అంకెకి సర్దుకుని రెండు పైసలైంది. కాణీ జీడి ఇప్పుడు రెండు పైసలు, చేతిలోని అణా ఆరు పైసలు. ఆరుకి మూడే వస్తాయి. పెద్ద మొత్తాల్లో ఈ తేడా కనిపించదు. కాణీల్లో బేరమాడే పిల్లల దగ్గర, ఉప్పు, అగ్గిపెట్టె విడిగా కొనుక్కునే ఇళ్లలో మాత్రం అది నేరుగా చేతికి తగిలింది. చిన్నపిల్ల లెక్కా తప్పు కాదు, కొట్టువాడి లెక్కా తప్పు కాదు. ఆ పట్టిక తెలియకపోతే మనం ఈ కథని ఒక కొట్టువాడి కక్కుర్తి కథగా చెప్పేసేవాళ్లం.

“అంతేనమ్మా” అనగానే చాలామంది రికార్డింగ్ ఆపేస్తారు. నేను ఆపలేదు, మాట్లాడనూ లేదు. ఆవిడ అణా బిళ్లని అటూ ఇటూ తిప్పుతూ కూర్చున్నారు. కాసేపటికి, “మా అమ్మ మాత్రం గట్టిదే” అన్నారు.

“గట్టిదే?”

అవతలివాళ్ల చివరి మాటని మెల్లగా తిరిగి అనడం అన్ని ప్రశ్నల్లోకీ సౌమ్యమైనది. కొత్త విషయం ఏదీ దాంట్లో తోయం, వింటున్నామని మాత్రం తెలుస్తుంది.

“అమ్మకి చదువు రాదు, వేళ్ల మీదే లెక్క. ‘ఒక్కొక్క అణా పట్టుకెళ్తే ఆరేసి ఇస్తాడు. నాలుగూ కలిపి పట్టుకెళ్లవే, పావలా అవుద్ది, పావలాకి పాతిక’ అంది. నాలుగారులు ఇరవై నాలుగే కదా! నాలుగూ ఒక్కసారే ఇచ్చాను. పన్నెండు జీళ్లూ, పైన ఒక కొత్త పైసా వచ్చాయి. ఆ పైసా మాత్రం ఖర్చు పెట్టలేదు. గోరంతే ఉండేది.”

అమ్మ లెక్క సరిగ్గా సరిపోతుంది. నాలుగణాలంటే రూపాయిలో నాలుగో వంతు, పాతిక పైసలు, అందులో సర్దుబాటు అక్కర్లేదు. విడివిడిగా మారిస్తే ప్రతిసారీ పావు పైసా రాలిపోతుంది, నాలుగుసార్లకి ఒక పైసా. పాత రోజుల్లో ఆ నాలుగణాలకి పదహారు జీళ్లు వచ్చేవి. నాలుగు జీళ్ల నష్టాన్ని అమ్మ పూర్తిగా పూడ్చలేకపోయింది కానీ, పోయేదాంట్లోంచి ఒక పైసా వెనక్కి లాగింది. ఈ చిత్రం మొత్తంలో నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం ఇదే.

ఒక్కచోట మాత్రం ఆవిడ మాట నమోదైన చరిత్రతో కలవలేదు. “ఆ రోజు నుంచి అణాలు చెల్లనే లేదు” అన్నారు. నిజానికి పాత నాణేలు కొన్నేళ్లపాటు కొత్తవాటితో కలిసే చెలామణీ అయ్యాయి. శెట్టిగారు అణా పుచ్చుకున్నాడంటేనే అది చెల్లుతున్నట్టు. అలాగని “లేదండీ, మీరు పొరబడ్డారు” అంటే పెద్దవాళ్లు వెనక్కి తగ్గుతారు. ఆపైన ప్రతి మాటకీ మన మొహం చూస్తారు. అందుకని వేరే దారిలో వెళ్లాను.

“సంతలో అణాలు ఎప్పటిదాకా చూశారు, మామ్మగారూ?”

“సంతలోనా? అబ్బో, చాలాకాలం తీసుకున్నారు. శెట్టిగారే ముందు మానేశాడు. కొత్త పైసలైతేనే సరుకిస్తానని కూర్చున్నాడు.”

ఆవిడకి చెల్లకపోయింది తన కొట్లో, తన జీళ్ల దగ్గర. చిత్రాన్ని కుదించేటప్పుడు నా ప్రశ్నలు చాలావరకు తీసేశాను, ఆవిడ మాట వరసగా సాగాలని. ఈ సంత ప్రశ్న మాత్రం ఉంచాను. అది లేకపోతే అణాలన్నీ 1957 ఏప్రిల్‌లోనే మాయమయ్యాయని చూసేవాళ్లు అనుకుంటారు.