‘సెవా’ చుట్టూ అల్లుకున్న మాటలు

ఇండొనేసియాలో ఖాళీ ఇళ్ల ముందు ‘దిసెవాకన్’ అన్న బోర్డు కనిపిస్తుంది. మన ఊళ్లలో ‘అద్దెకు ఇవ్వబడును’ అని రాసినట్టే. మనకు రెండు మాటలు పట్టిన చోట వాళ్లకు ఒక్కటే చాలింది. దాన్ని విప్పితే నడుమ ‘సెవా’, అంటే అద్దె, ఉంటుంది. ముందున్న ‘ది’ మన ‘బడు’ చేసే పని చేస్తుంది. చివరి ‘కన్’ వల్ల ఆ అద్దె ఇచ్చేవారి వైపు నుంచి చెప్పినట్టవుతుంది.

ఈ ‘కన్’ను గమనించకపోతే యజమాని, అద్దెదారు తారుమారవుతారు. ‘మెన్యెవా’ అంటే అద్దెకు తీసుకోవడం, ‘మెన్యెవాకన్’ అంటే అద్దెకు ఇవ్వడం. అద్దెకు తీసుకునే మనిషి ‘పెన్యెవా’. ‘రుమా’ అంటే ఇల్లు కాబట్టి అద్దెకు తీసుకున్న ఇల్లు ‘రుమా సెవాఅన్’. క్రియకు ముందు ‘మె’, చేసే మనిషికి ముందు ‘పె’, వస్తువుకు చివర ‘అన్’ చేరుతున్నాయి. రాయడం అనే అర్థమున్న ‘తులిస్’ కూడా ఇదే దారిలో నడుస్తుంది: మెనులిస్ రాయడం, పెనులిస్ రచయిత, తులిసన్ రాత.

అయితే ‘సెవా’లోని ‘స’, ‘తులిస్’లోని ‘త’ ఎటు పోయాయి?

‘మె’ చివర ఒక అనునాసికం దాగి ఉంటుంది. తర్వాత వచ్చే అక్షరాన్ని బట్టి అది రూపు మార్చుకుంటుంది. మూలపదం ప, త, క, స అక్షరాలతో మొదలైతే ఆ అక్షరాన్ని తనలో కలిపేసుకుని దాని స్థానంలో తానే పలుకుతుంది. అందుకే కొట్టడమనే ‘పుకుల్’ కాస్తా ‘మెముకుల్’, పంపడమనే ‘కిరిమ్’ కాస్తా ‘మెఙిరిమ్’ అవుతాయి. బ, ద, గ లకు ఈ గతి పట్టదు. చదవడమనే ‘బాచా’ భద్రంగా ‘మెమ్‌బాచా’లో నిలిచే ఉంటుంది.

కొత్తవారికి అసలు చిక్కు నిఘంటువు తెరిచినప్పుడు ఎదురవుతుంది. 1988లో తొలిసారి వెలువడిన ‘కముస్ బెసార్ బహాసా ఇండొనేసియా’ మాటలను మూలపదాల కింద అమర్చింది. అచ్చు ప్రతిలో ‘మెన్యెవా’ అర్థం కావాలంటే ‘స’ పేజీలకు వెళ్లి ‘సెవా’ను పట్టుకోవాలి. పోయిన అక్షరాన్ని ఊహించి తిరిగి తెచ్చుకోవడమే అక్కడ మొదటి మెట్టు.

ఆ ఊహ ఒక్కోసారి తప్పుతుంది. పాడడాన్ని ‘మెన్యాన్యి’ అంటారు. ‘మెన్యెవా’ను చూసిన అలవాటుతో ‘సాన్యి’ అని వెతికితే ఏమీ దొరకదు. ఎందుకంటే దాని మూలం ‘న్యాన్యి’యే, ఇక్కడ ఏ అక్షరమూ పోలేదు. మొదటి ఊహ ఫలించకపోతే అనునాసికాన్నే మూలపదంలో భాగంగా పెట్టి చూడాలి. ‘పాట’కు ‘న్యాన్యియన్’ అనే మాట తెలిసుంటే పని తేలికే. ‘అన్’ మొదటి అక్షరాన్ని ముట్టుకోదు కనుక మూలం అక్కడ చెక్కుచెదరకుండా కనిపిస్తుంది.

‘మెఙుకుర్’ విషయంలో రెండు ఊహలూ సరైనవే. ‘ఉకుర్’ నుంచి వస్తే కొలవడం, ‘కుకుర్’ నుంచి వస్తే కోరడం. పక్కన ‘కెలాపా’, అంటే కొబ్బరి, ఉంటే కోరుతున్నారని, ‘తానా’, అంటే నేల, ఉంటే కొలుస్తున్నారని అర్థం చేసుకోవచ్చు.