ఎరుపు తీయండి, తెలుపు పూయకండి

తెల్లవారుజాము ముహూర్తమైతే పెళ్లికూతురికి రాత్రంతా నిద్ర ఉండదు. దానికి హోమం పొగ కూడా తోడైతే తలంబ్రాల వేళకు కళ్లు ఎర్రబడతాయి. ఆల్బమ్‌లో ఆ ఎరుపు కనిపించకూడదని ఇంటివాళ్లు అడుగుతారు. కొందరు వెంటనే తెల్లగుడ్డు మీద తెల్లరంగు పూసేస్తారు. అప్పుడే ఆ కళ్లు బొమ్మకు పెట్టిన గాజుకళ్లలా తయారవుతాయి.

కనుగుడ్డు గుండ్రంగా ఉంటుంది. దాని పైభాగం మీద రెప్ప నీడ పడుతుంది, మూలలకు వెళ్లేకొద్దీ వెలుగు తగ్గుతుంది. మనం తెలుపు అనుకునేది ఫొటోలో చూస్తే లేత బూడిద రంగే. మండపంలో దీపాలు పచ్చగా ఉంటే దానికీ కాస్త పసుపు ఛాయ వస్తుంది. ఆ నీడలు, ఆ ఛాయ చెరిపేస్తే గుండ్రదనం పోయి కన్ను కాగితం ముక్క అతికించినట్టు ఉంటుంది.

అందుకే ముందు ఎరుపు సంగతి చూడాలి. ఫొటోషాప్‌లో Hue/Saturation లేయర్ వేసి, Reds ఎంచుకుని, Saturation ను -40 దాకా తగ్గించి, Lightness ను +15 దాకా పెంచండి. ఎర్రనరాలు చుట్టూ ఉన్న రంగులో కలిసిపోతాయి. మొహమంతా పాలిపోయినట్టు కనిపిస్తే కంగారు పడొద్దు. ఆ లేయర్ మాస్క్ మీద Ctrl+I నొక్కితే మార్పు మొత్తం దాగిపోతుంది. ఇప్పుడు మెత్తటి అంచున్న బ్రష్‌తో, తెల్లరంగు తీసుకుని, మాస్క్ మీద తెల్లగుడ్డు ఉన్నంత మేరే గీయాలి. ముక్కువైపు మూలలో ఉండే గులాబీ కండను, రెప్ప అంచు తడిని ముట్టుకోవద్దు. అవి ఎర్రగా ఉంటేనే కన్ను ప్రాణంతో ఉంటుంది. Saturation పూర్తిగా -100కు దించితే మాత్రం తెల్లగుడ్డు చచ్చిన బూడిద రంగుకు తిరుగుతుంది.

ఇంకా ఒకటి రెండు లావు నరాలు మిగిలితే కొత్త లేయర్ మీద హీలింగ్ బ్రష్‌తో వాటినే తీసేయండి. సన్ననివి ఉండనివ్వండి. ఒక్క నరమూ లేని కన్ను ఎవరికీ ఉండదు.

చాలాసార్లు ఎరుపు తగ్గగానే కన్ను దానంతటదే తేటపడుతుంది, పని అక్కడితో ఆపేయొచ్చు. చాలకపోతే Curves లేయర్‌లో మధ్యభాగాన్ని కొద్దిగా పైకి లేపి, దాన్నీ మాస్క్ చేసి, కనుపాపకు రెండు వైపులా మాత్రమే పూయండి. రెప్ప కింది నీడను వదిలేయండి. తర్వాత ఆ లేయర్ Opacity సగానికి తగ్గించండి.

ఎక్కువైందో లేదో దగ్గరగా జూమ్ చేసి చూస్తే తెలియదు. ఫొటో మొత్తం తెరమీద కనిపించేలా చిన్నది చేయండి. మొహం కన్నా ముందు కళ్లే కనబడితే, లేదా తెల్లగుడ్డు పళ్లకన్నా తెల్లగా మెరిస్తే, Opacity ఇంకా దించాలి. కంట్లో పడిన దీపపు మెరుపు చుక్క ఎప్పుడూ తెల్లగుడ్డు కన్నా ప్రకాశంగానే ఉండాలి.

రెప్పల వాపు ఈ పద్ధతిలో పోదు. ఇక అప్పగింతల ఫొటోల్లో ఎరుపు ఏడుపు వల్ల వచ్చింది. దాన్ని నేనైతే తీయను.