తెల్లని ఆకాశం ఏ కాలానిది?

తేదీ లేని ఫొటోలో నీడ, మసక, మబ్బు ఎత్తు చూసి టేకులపల్లి కాలాన్ని పట్టుకోవచ్చు

టేకులపల్లి అడవిలో తీసిన ఓ ఫొటో చేతికొచ్చిందనుకోండి. దూరంగా గుట్టలు, పైన తెల్లటి ఆకాశం. తేదీ లేదు. అది జనవరా, ఏప్రిలా, జూలైయా? ఇక్కడ మూడు కాలాల్లోనూ ఆకాశం తెల్లబడుతుంది, కారణాలే వేరు. గాలి అణువులు నీలి కాంతిని ఎక్కువగా చెదరగొడతాయి కాబట్టి శుభ్రమైన ఆకాశం నీలంగా ఉంటుంది. దుమ్ము, నీటి బొట్లు వాటికన్నా చాలా పెద్దవి. అవి అన్ని రంగులనూ దాదాపు సమానంగా చెదరగొట్టడంతో తెలుపు మిగులుతుంది.

ముందు నీడ చూడాలి

జూలైలో ఆ తెలుపు ముసురు మబ్బుది. చెట్టు కింద నీడ అంచు కనిపించదు. ఏప్రిల్‌లో అది దుమ్ము, పొగల తెలుపు. ఎండ సూటిగానే పడుతుంది కాబట్టి నీడ అంచు తేలిగ్గా గుర్తుపట్టొచ్చు. నడినెత్తిన కాస్త నీలం ఉంటుంది, కిందికి దిగేకొద్దీ అది పాలిపోతుంది. ఎండుటాకులు కాలిన పొగ చీకటి గుట్ట ముందు నీలంగా, వెలుగున్న ఆకాశం ముందు గోధుమ రంగులో కనిపిస్తుంది. జనవరి తెల్లవారుజామున నేల చల్లబడి, పైనున్న వెచ్చని గాలి మూతలా నిలుస్తుంది. పొగమంచు కిందే ఉండిపోయి గుట్ట మొదలు మాయమవుతుంది, కొస మాత్రం తేటగా ఉంటుంది. ఎండెక్కితే పొగమంచు విడిపోతుంది.

మబ్బు ఎంత ఎత్తున ఉంది?

దూదిమబ్బు అడుగు ఎత్తుకు ఓ సులువైన లెక్క ఉంది. గాలి ఉష్ణోగ్రతకూ, మంచు బిందువుకూ ఉన్న తేడాలో ప్రతి డిగ్రీకీ సుమారు 125 మీటర్లు. ఏప్రిల్ మధ్యాహ్నం 40 డిగ్రీలు, మంచు బిందువు 18 అనుకుంటే తేడా 22. మబ్బు అడుగు 2,750 మీటర్ల ఎత్తున ఉంటుంది. జూలైలో 30, 25 అనుకుంటే 625 మీటర్లే. అందుకే ఎండాకాలం మబ్బు గుట్టలకు చాలా పైన చిన్నగా తేలుతుంది, వానాకాలం మబ్బు గుట్టల నెత్తిన వాలినట్టుంటుంది.

ఎక్కడ తప్పుతాం?

సాయంత్రపు ఎరుపుతో కాలం తేల్చకూడదు, అది ఏ నెలలోనైనా వస్తుంది. ఫోన్ కెమెరా తెలుపును తనంతట తానే సరిదిద్ది పసుపు మసకను చెరిపేస్తుంది. కోయగూడెం ఓపెన్‌కాస్ట్ గని వైపు లేచే దుమ్ము ఆ చుట్టుపక్కలదే, దాన్ని ఋతువు మసక అనుకోకూడదు. అది ఒకచోటే దట్టంగా ఉంటుంది, ఋతువు మసక దిగంతమంతా సమానంగా పరుచుకుంటుంది.

చివరగా టేకు చెట్టును చూడండి. ఏప్రిల్‌లో కొమ్మలు బోడిగా ఉంటాయి, జూలైలో వెడల్పాటి ఆకులతో నిండుతాయి. ఆకు రాల్చే అడవి, దానిపైన దుమ్ము తెలుపు కలిస్తే పొడికాలం పొడవుగా ఉండే ఉష్ణమండలమని చెప్పొచ్చు. అయితే బస్తర్‌లోనూ ఇదే అడవి, ఇదే ఆకాశం. కాబట్టి ఆకాశం నెలను దగ్గరగా చెబుతుంది, ఊరి పేరు మాత్రం చెప్పలేదు.